ఉగ్గుగిన్నె, డాక్టరు చీటీ, మధ్యలో పసిబిడ్డ

పాప పుట్టి 48 రోజులు. తల్లి ఇంకా పుట్టింట్లోనే ఉంది. నాలుగు రోజులుగా పాప దొడ్డికి పోలేదు. అమ్మమ్మ పొద్దుటి నుంచి పాప పొట్ట మీద వేళ్ళతో తట్టి చూస్తోంది. మధ్యాహ్నానికి బీరువాలోంచి చిన్న వెండి ఉగ్గుగిన్నె తీసింది. అందులో అర చెంచా ఆముదం పోసుకొచ్చి, "నాలుగు చుక్కలు పాలు పిండివ్వవే, రంగరించి పోస్తాను. సాయంత్రానికల్లా కడుపు తేలికపడుతుంది" అంది. కూతురి ఫోనులో పిల్లల డాక్టరు రాసిచ్చిన చీటీ ఫొటో ఉంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దన్న మాట కింద డాక్టరు రెండు గీతలు కొట్టారు.

ఊళ్ళు వేరైనా, గిన్నె వెండిదైనా స్టీలుదైనా, తెలుగిళ్ళలో ఈ ఘట్టం దాదాపు ఇలాగే వస్తుంది. అమ్మమ్మకు అనుభవం ఉంది, డాక్టరుకు చదువు ఉంది, ఎవరి మాట వినాలన్నది కూతురి సంకటం. కానీ కాస్త దగ్గరికి వెళ్ళి చూస్తే అమ్మమ్మ చేసే పనుల్లో డాక్టరు కాదనేవి కొన్నే. బిడ్డ ఒంటి మీద చేసేవాటిలో చాలా మటుకు చేసుకోవచ్చు. బిడ్డ లోపలికి పోయేవే ప్రమాదం. నోట్లోకి, ముక్కులోకి, చెవిలోకి, కంట్లోకి, ఆరని బొడ్డులోకి, ఊపిరితిత్తుల్లోకి. ఈ ఒక్క గీత మనసులో ఉంటే ఏ విషయంలో గట్టిగా నిలబడాలో, ఏ విషయంలో అమ్మమ్మ చేతికి వదిలేయాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

ముందు ఆముదం సంగతి. అమ్మమ్మ గమనించింది నిజమే, నాలుగు రోజులుగా పాప పోలేదు. దానికి ఆమె చెప్పుకున్న కారణం మాత్రం సరైంది కాదు. మొదటి నెలలో తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు చాలాసార్లు పోతుంది, కొందరైతే తాగిన ప్రతిసారీ. ఆరో వారం దాటాక చాలామందిలో ఇది మారుతుంది. తల్లిపాలు దాదాపు మొత్తం అరిగిపోతాయి, బయటికి రావడానికి మిగిలేది తక్కువ. అందుకే కొందరు పిల్లలు వారం రోజుల దాకా పోకపోయినా హాయిగానే ఉంటారు. చూడాల్సింది రోజుల లెక్క కాదు. బిడ్డ పాలు బాగా తాగుతోందా, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తోందా, పొట్ట మెత్తగా ఉందా, బరువు పెరుగుతోందా, పోయినప్పుడు మెత్తగా వస్తోందా? ఈ పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు. ఆరో వారం టీకాకు వెళ్ళినప్పుడు 4 కిలోలు. రోజుకు ఎనిమిది గుడ్డలు తడుపుతోంది. ఇది మలబద్ధకం కాదు.

అలాగని ఎప్పుడూ కంగారు పడక్కర్లేదనీ కాదు. పుట్టిన 48 గంటల్లోపు మొదటి నల్లటి విరేచనం కాకపోయినా, మొదటి నెలలోనే రోజుల తరబడి ఆగిపోయినా, పొట్ట బిగుసుకుని ఆకుపచ్చటి వాంతులైనా, పాలు మానేసినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అప్పుడు ఆముదం పోస్తే అసలు జబ్బు ఇంకో పూట మరుగున పడుతుంది.

ఆముదం పేగును నునుపు చేస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి అది పేగును రేపుతుంది. ఆముదంలోని ఆమ్లం పేగు గోడను ఉసిగొల్పి నీటిని కూడా వెంట లాక్కుపోతుంది. పెద్దవాళ్ళు ఒక పూట తట్టుకుంటారు. నాలుగు కిలోల బిడ్డకు ఆ నీటి నష్టం పెద్దది. అయితే పిల్లల డాక్టర్లను ఎక్కువగా భయపెట్టేది పేగు కాదు, ఊపిరితిత్తి. ఉగ్గు పోసే పద్ధతి ఒక్కసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. చాపిన కాళ్ళ మీద బిడ్డ వెల్లకిలా ఉంటుంది. ఏడుస్తుంటుంది కాబట్టి నోరు తెరిచే ఉంటుంది. రెండు బుగ్గలూ నొక్కి గిన్నె వంచుతారు. ఏడ్చే బిడ్డ మధ్యమధ్యలో గట్టిగా ఊపిరి లాగుతుంది, ఆ లాగుడులో కొంత నూనె గాలిగొట్టంలోకి జారుతుంది. నీళ్ళు జారితే వెంటనే పొలమారి దగ్గు వస్తుంది. చిక్కటి నూనె గొంతును అలా ఉలిక్కిపడనివ్వదు, చప్పుడు లేకుండా దిగిపోతుంది. ఊపిరితిత్తిలో చేరిన నూనెను ఒళ్ళు జీర్ణం చేసుకోలేదు, తేలిగ్గా బయటికి నెట్టలేదు. అక్కడే పేరుకుని వాపు పుట్టిస్తుంది. దీన్ని లిపాయిడ్ న్యుమోనియా అంటారు. ముక్కులో రెండు చుక్కల నూనె వేసినా ఇదే జరగొచ్చు.

ఈ జబ్బు కొద్దికొద్దిగా వస్తుంది. పోసిన రోజున ఏమీ కాదు కాబట్టి అమ్మమ్మకు అది ఆముదం వల్ల అని తోచదు. వారం పది రోజులకు దగ్గు, ఆయాసం, పాలు తాగుతూ మధ్యలో ఆగిపోవడం మొదలవుతాయి. ఇంట్లో దాన్ని నెమ్ము అంటారు. నెమ్ము తగ్గడానికి మళ్ళీ వెచ్చటి నూనె, మళ్ళీ ఆముదం. ఎక్స్‌రేలో మామూలు న్యుమోనియాలాగే కనిపిస్తుంది, యాంటీబయాటిక్ వాడతారు, తగ్గదు.

ఇక్కడే గౌరవం అన్నమాట వైద్యంలోకి వస్తుంది. బిడ్డకు నూనె పోశారని తెలిస్తే డాక్టరు వేరేగా ఆలోచిస్తారు. ఆ ముక్క చెప్పాల్సింది అమ్మమ్మ. కానీ పోయినసారి అదే గదిలో "ఏ కాలంలో ఉన్నారమ్మా మీరు, పిల్లను చంపుతారా?" అని పదిమంది ఎదుట కసిరించుకున్న అమ్మమ్మ ఈసారి నోరు విప్పదు. ఇంట్లో కూతురో అల్లుడో గట్టిగా అరిచి ఉంటే ఆముదం సీసా మాయమైపోదు. తల్లి స్నానానికి వెళ్ళిన పావుగంటలో బయటికి వస్తుంది. దాచి చేసిన పనికి ఎంత పోశారన్న లెక్క ఉండదు, డాక్టరు అడిగితే జవాబు ఉండదు. పెద్దావిడను నొప్పించకుండా మాట్లాడటం మర్యాద కోసం ఎంత అవసరమో, బిడ్డ ఒంట్లోకి ఏం పోతోందో తల్లిదండ్రులకు తెలుస్తూ ఉండటానికీ అంతే అవసరం.

మరి ఆ 48వ రోజు కూతురు ఏమనాలి? "డాక్టరు వద్దన్నారు" అంటే అమ్మమ్మకు వినిపించేది "నీకేం తెలుసు" అన్న మాట. ఆ వెంటనే వచ్చే జవాబూ అందరికీ తెలిసిందే. "నిన్ను పెంచలేదా? నీకు పోయలేదా?" దీనికి తిరుగు సమాధానం అంకెల్లో ఉంది. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. బతికిన పిల్లలే పెరిగి పెద్దై ఆ మాట చెప్పగలరు. కానీ ఈ లెక్క మనం తెలుసుకోవడానికే, పురిటింట్లో అమ్మ ముఖాన చెప్పడానికి కాదు. ఆ తరంలో చాలామంది ఇళ్ళలో పేరు పెట్టకముందే పోయిన తోబుట్టువు ఉంటుంది. తెలిసి తెలిసి ఆ గాయం మీద వేలు పెట్టకూడదు.

పనికొచ్చే మాట అమ్మమ్మ గమనింపుతో మొదలవుతుంది. "నాలుగు రోజులైందని నాకూ దిగులుగానే ఉందమ్మా. పొట్ట మెత్తగానే ఉంది కదా, నువ్వు చూసి చెప్పు. ఇవాళ నోట్లో ఏమీ వద్దు. రేపు డాక్టరు గారి దగ్గరికి నువ్వూ రా, నువ్వే అడుగు." ఇందులో ఆమె చూసింది నిజమని ఒప్పుకోవడం ఉంది, ఆమె చేతికి ఒక పని ఉంది, ఆముదం విషయంలో మాత్రం మెత్తని మాటల్లోనే తిరుగులేని "వద్దు" ఉంది. "చూద్దాంలే" అంటే కుదరదు. పెద్దవాళ్ళ లెక్కలో చూద్దామంటే సగం ఒప్పుకున్నట్టే.

నిజంగా వెంట తీసుకెళ్ళడం ఇందులో అన్నిటికంటే పనిచేస్తుంది. వెళ్ళేముందు కూతురు డాక్టరుకో నర్సుకో ఒక మాట చెప్పుకోవచ్చు. "మా అమ్మకు ఆముదం మీద నమ్మకం. ఎందుకు వద్దో ఆవిడకే చెప్పండి, కాస్త నెమ్మదిగా." మంచి డాక్టరైతే అమ్మమ్మ చేతినే పాప పొట్ట మీద పెట్టించి, ఇలా మెత్తగా ఉంటే భయం లేదు, ఇలా బిగిస్తే వెంటనే రావాలి అని చూపిస్తారు. అంతే, అమ్మమ్మ నిందితురాలి స్థానం నుంచి కాపలాదారు స్థానంలోకి వస్తుంది. ఊళ్ళలో ఇంకో సాయం ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె ఆ వీధి మనిషే, చాలాసార్లు అమ్మమ్మకు వరస కలిసే మనిషే. కూతురు పది సార్లు చెప్పినదాన్ని "పిన్నీ, నోట్లో నూనె మాత్రం వద్దు" అని ఆమె ఒక్కసారి అంటే దిగుతుంది.

ఎవరు చెప్పాలన్నదీ చిన్న విషయం కాదు. పుట్టింట్లో అమ్మమ్మతో కూతురే మాట్లాడాలి. అల్లుడు నోరు తెరిచి "అలా చేయకండి అత్తయ్యా" అంటే ఎంత మెత్తగా అన్నా అది మర్యాదల లెక్కలోకి వెళ్ళిపోతుంది. అల్లుడి నోటి వెంట మాట పడ్డానన్న బాధలో ఆముదం సంగతే వెనక్కి పోతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తారింటికి వెళ్ళాక లెక్క తిరగబడుతుంది. అక్కడ నానమ్మకు చెప్పాల్సింది కొడుకు. ఆ పని భార్య మీద వదిలేసి తాను పేపరు చదువుకునే కొడుకు, ఒక పసిబిడ్డ ఆరోగ్య విషయాన్ని అత్తాకోడళ్ళ తగాదాగా మార్చేస్తున్నాడు. విదేశాల్లో కాన్పుకు సాయంగా వెళ్ళిన అమ్మమ్మల సంగతి మరికాస్త కష్టం. భాష రాని ఆసుపత్రిలో ఆమెను ఎవరూ పలకరించరు. అక్కడ కూతురే మధ్యలో కూర్చుని డాక్టరు ప్రతి మాటా తెలుగులో చెప్పాలి, అమ్మ ప్రశ్నలు కత్తిరించకుండా అటు చేరవేయాలి.

అమ్మమ్మ వైపు నుంచి ఒక న్యాయమైన ప్రశ్న ఉంటుంది. "తల్లిపాలు తప్ప ఏమీ వద్దంటారు, మరి ఆ విటమిన్ చుక్కలెందుకు?" దీన్ని కొట్టిపారేయకూడదు. తల్లిపాలలో విటమిన్ డి తక్కువ. అందుకే రోజుకు 400 యూనిట్లు కొలిచి, తల కాస్త ఎత్తి, బుగ్గ లోపలి వైపు చుక్కలుగా వేయమంటారు. ఎంత వేస్తున్నామో తెలుసు, ఎందుకో తెలుసు. ఇంకోటి కూడా అంటుంది. "ఈ డాక్టర్లు రోజుకో మాట చెబుతారు." అదీ నిజమే. ఆమె కాన్పులనాడు చాలా ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించేవారు, తల్లికి దూరంగా ఉంచేవారు, మొదట గ్లూకోజు నీళ్ళు పట్టేవారు. ఇప్పుడు గంటలోపు ముర్రుపాలు పట్టమని, మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వైద్యం తన తప్పు తాను దిద్దుకుందని ఒప్పుకుంటే, అమ్మమ్మ కూడా ఒక అలవాటు దిద్దుకోవడం చిన్నతనం అనుకోదు.

నోటి విషయంలో ఆముదంతో పాటు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి తేనె. ఏడాది లోపు బిడ్డ పేగులో తేనెలోని ఒక రకం సూక్ష్మజీవి విత్తనాలు మొలకెత్తి విషం పుట్టించగలవు. దాంతో బిడ్డ కండరాలు వాలిపోతాయి. అలా జరగడం అరుదే, జరిగితే మాత్రం ఊపిరి ఆగేదాకా వెళుతుంది. కాచినా ఆ విత్తనాలు చావవు, తేనె అసలుదా కల్తీదా అన్నదానితో సంబంధం లేదు. రెండోది వస. వసపిట్టలా మాట్లాడుతోందని ముచ్చటపడే భాష మనది, మాటలు త్వరగా రావాలని కొమ్ము అరగదీసి నాకించడం మనకు పాత ఆచారమే. ఆ కొమ్ములో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం మీద అనుమానంతోనే అమెరికా 1968లో దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. దానికి తోడు సానరాయి మీద అరగదీసినప్పుడు రాతి మీది మురికీ, నీటిలోని క్రిములూ బిడ్డ నోట్లోకి పోతాయి. వస విషయంలో ఒక సర్దుబాటు బాగా కుదురుతుంది. బిడ్డకు నాకించడం మాని, దారానికి గుచ్చిన కొమ్మును ఊయలకు బిడ్డ చేతికి అందనంత ఎత్తులో కట్టుకోవచ్చు. ఆచారం నిలుస్తుంది, నోట్లోకి మాత్రం పోదు.

ఇక స్నానం. ఇక్కడ అమ్మమ్మ చేతిలో ఉన్న నేర్పు చాలామంది కొత్త తల్లులకు లేదు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, చాపిన రెండు కాళ్ళ మధ్య బిడ్డను బోర్లా పడుకోబెట్టి, వీపు మీద అరచేతితో పైనుంచి కిందికి నూనె రాసే ఆ తీరు చూస్తే బిడ్డ ఎక్కడికీ జారదన్న ధీమా కలుగుతుంది. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు ఇలా మెత్తగా ఒళ్ళంతా మర్దన చేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చేసుకోవచ్చనే అంటోంది. కొబ్బరి నూనె మంచిది. పాలు తాగిన వెంటనే కాకుండా అరగంటో ముప్పావుగంటో ఆగాలి, ఫ్యాను ఆపాలి, పది నిమిషాలు చాలు. నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి. నెల తక్కువ బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

మాడు మీద ఆముదం పెట్టడం మీద కూడా పెద్ద గొడవలు జరుగుతుంటాయి. పైన పెడితే హాని లేదు. దానివల్ల మాడు పూడదు, తనంతట తానే ఏడాది, ఏడాదిన్నరకు పూడుతుంది. నొక్కకుండా ఉంటే చాలు. పైగా రోజూ మాడు తడిమే అమ్మమ్మకే అది లోతుగా పడిపోయినా, ఉబ్బినా మొదట తెలుస్తుంది. మొదటిది నీరు తగ్గినందుకు గుర్తు, రెండోది మెదడు వైపు ప్రమాదానికి గుర్తు. అందుకని ఈ పనిని ఆమె దగ్గరే ఉంచడం మంచిది.

ఆపాల్సినవి స్నానం చివర వస్తాయి. నీళ్ళు పోసే మనిషిని పెట్టుకున్న ఇళ్ళలో ఇవి మరీ ఎక్కువ. ముక్కులో ఊదడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, చెవిలో నూనె వేయడం. బిడ్డ రొమ్ములు కాస్త ఉబ్బి పాలలాంటివి కనిపిస్తే పిండటం అన్నిటికన్నా చెడ్డది. ఆ ఉబ్బు తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల, కొన్ని వారాల్లో తనే పోతుంది. పిండితే చీము పట్టి కోయాల్సి రావచ్చు. బొడ్డు ఊడి ఆరేదాకా పసుపూ, నూనే, బూడిదా ఏదీ పెట్టకుండా పొడిగా ఉంచడమే వైద్యం.

సాంబ్రాణి దగ్గర అమ్మమ్మ ఉద్దేశం నూటికి నూరు పాళ్ళూ సరైంది. తడి తల ఆరకపోతే బిడ్డ ఒళ్ళు చల్లబడుతుందని ఆమెకు తెలుసు, డాక్టరూ అదే అంటారు. తేడా పొగ దగ్గరే. సన్నటి గాలిగొట్టాలున్న బిడ్డకు ఆ పొగ దగ్గు, పిల్లికూతలు తెస్తుంది. కాబట్టి ఉద్దేశం ఉంచి పద్ధతి మార్చాలి. మెత్తటి పొడి తువ్వాలుతో తల తుడిచి, బట్టలు వేయకుండానే బిడ్డను అమ్మమ్మ గుండెకు ఆనించి పైన దుప్పటి కప్పితే ఆ వెచ్చదనం ఏ కుంపటికీ రాదు. అలా హత్తుకోవడం తల్లే చేయాలనేం లేదు. కాటుక కూడా అంతే, కంట్లో వద్దు, దిష్టి చుక్క అరికాలిలో పెట్టుకోవచ్చు.

ఆ ఇంట్లో ఆరో రోజు పొద్దున పాప తనంతట తానే పోయింది, మెత్తగా, పసుపుపచ్చగా. అలా కాకపోయే ఇళ్ళూ ఉంటాయి. ఎంత చెప్పినా వినకుండా, లేదా తెలియక ముందే నూనె పోసేసి ఉంటారు. అప్పుడు ఎవరు పోశారన్న పంచాయితీ వద్దు. వాంతి చేయించకూడదు, వేలు పెట్టకూడదు. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకన్నా ఎక్కువుంటే, రెండు నెలలు దాటిన బిడ్డకు 50 లేదా అంతకన్నా ఎక్కువుంటే మరోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అలాగే ఉన్నా, పక్కటెముకల కింద డొక్క లోపలికి పోతున్నా, పాలు మానేసినా, మందకొడిగా పడి ఉన్నా 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవేవీ లేకపోయినా డాక్టరుకు చెప్పాలి, తర్వాత రెండు మూడు వారాలు దగ్గు కనిపెట్టి చూడాలి. వెళ్ళేటప్పుడు ఆ నూనె సీసా, పోసిన చెంచా సంచిలో వేసుకుని, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాలి. ఎంత పోసిందో, ఎన్నిసార్లు పోసిందో చెప్పగలిగేది ఆమె ఒక్కతే.